ఆపదలో ప్రయాణం... టికెట్టు ఎలా?

ఆమధ్య ఓ గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు సికింద్రాబాద్ నుంచి మా ఆడపడుచు ఫోను. "వదినా, నాన్నకి పక్షవాతం వచ్చింది. ఐసీయూలో పెట్టారు" అని ఏడుపు. మేముండేది అరకులో. విశాఖ వెళ్ళాలంటేనే ఘాట్ రోడ్డు మీద బస్సులో నాలుగు గంటలు. ఆ తర్వాత రాత్రంతా రైలు.

మావారు కంగారుగా ఓ ట్రావెల్స్‌కి ఫోన్ చేశారు. బస్సులో రెండు సీట్లకి మామూలు రోజుల కంటే రెట్టింపు చెప్పారు. ఆయన ఇచ్చేద్దామన్నారు. "ఒక్క పది నిమిషాలు ఆగండి" అన్నాను. ఆస్పత్రిలో ఎంత అవుతుందో తెలియని సమయంలో ప్రతి వందా లెక్కే కదా!

ఇలాంటప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది తత్కాల్. కానీ అది ప్రయాణానికి ముందురోజు తెరుస్తారు. ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. అంటే ఆ రాత్రి రైలుకి తత్కాల్ బుధవారమే అయిపోయింది. శుక్రవారం రైలుకి కూడా ఫోను రావడానికి గంటన్నర ముందే తెరిచేశారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ముందురోజు అన్నది రైలు మొదట బయల్దేరే ఊరి తేదీని బట్టి లెక్క. హౌరాలో ఇవాళ బయల్దేరి అర్ధరాత్రి దాటాక విశాఖ వచ్చే బండికి మనం మన తేదీ చూసుకుంటే ఒకరోజు వెనకబడిపోతాం.

ఆ రాత్రికి మాకు మిగిలింది కరెంట్ బుకింగ్. చార్ట్ తయారయ్యాక మిగిలిపోయిన బెర్తులను అదనపు ఛార్జీ లేకుండా మామూలు ధరకే అమ్ముతారు. విశాఖలోనే బయల్దేరే బండ్లు చూసుకోవడం మేలు. దారిలో విశాఖ మీదుగా పోయే బండ్లలో మన ఊరికి ఇచ్చే బెర్తులే తక్కువ. ఒంటిగంట బస్సెక్కాం. అనంతగిరి దగ్గర సిగ్నల్ పోయింది. శృంగవరపుకోట వచ్చాక ఫోన్ తెరిచి చూస్తే గరీబ్‌రథ్‌లో CURR_AVBL అని కనిపించింది. అలా ఉంటే బెర్తు ఖాయమన్నమాట. అక్కడికక్కడే రెండు తీసుకున్నాం. ఇది పండగ ముందు రోజుల్లో దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

మా తోడికోడలికి పిల్లాడి పరీక్ష అడ్డం వచ్చింది. శుక్రవారం సాయంత్రం గోదావరిలో రావాలి. అంతా వెయిటింగ్ లిస్టే. విశాఖలో ఉన్న మా మరిది స్టేషన్‌కెళ్ళి కౌంటర్లో మామూలు వెయిటింగ్ టికెట్టే తీసుకున్నాడు. ఆ పీఎన్ఆర్ నంబరు, బండి పేరు, తేదీ, తరగతి, కారణం, ఫోన్ నంబరు తెల్లకాగితం మీద రాసి, ఆడపడుచు పంపిన ఆస్పత్రి కాగితం నకలు జతచేసి, డివిజనల్ రైల్వే మేనేజర్ ఆఫీసులో ఇచ్చాడు. దీన్నే ఎమర్జెన్సీ కోటా అంటారు. దీనికి పైసా అదనం లేదు. పెద్ద అధికారులకి, ప్రజాప్రతినిధులకి పోగా మిగిలినవి జబ్బు, చావు వంటి కారణాలు చూసి ఇస్తారు.

దీనికి గడువు చాలా ముఖ్యం. 2025 జూలైలో వచ్చిన ఆదేశాల ప్రకారం మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరే బండికి ముందురోజు సాయంత్రం నాలుగింటిలోపు ఉత్తరం అందాలి. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం రెండింటిదాకా ఉన్న బండ్లకైతే ముందురోజు పన్నెండింటిలోపు. బయల్దేరే రోజు ఇస్తే తీసుకోరు. మా మరిది మూడున్నరకి ఇచ్చాడు. ఏజెంట్లు ఇచ్చే ఉత్తరాలు చెల్లవు కాబట్టి "నేను చేయిస్తా"నని డబ్బడిగేవాళ్ళని నమ్మకండి.

వస్తుందో రాదో చార్ట్ పడేదాకా తెలియదు. రాకపోతే ఆన్‌లైన్ వెయిటింగ్ టికెట్టు దానంతటదే రద్దయి, కొద్దిపాటి తగ్గింపుతో డబ్బు తిరిగొస్తుంది. కౌంటర్ టికెట్టు మాత్రం బండి బయల్దేరడానికి అరగంట ముందే మనం రద్దు చేయించుకోవాలి. లేకపోతే డబ్బు పోయినట్టే. వెయిటింగ్ టికెట్టుతో స్లీపర్లో ఎక్కనివ్వరు కూడా.

ఒక రోజు ఆగగలిగిన వాళ్ళకి తత్కాల్ మంచిదే. స్లీపర్‌కి అసలు ఛార్జీలో ముప్ఫై శాతం అదనం, వందకు తగ్గదు, రెండొందలు మించదు. థర్డ్ ఏసీకి మూడొందల నుంచి నాలుగొందలు. పక్కనే ప్రీమియం తత్కాల్ అని ఉంటుంది. దానికి ధర పెరుగుతూ పోతుంది, కంగారులో దాన్ని నొక్కకండి. ఖాయమైన తత్కాల్ రద్దు చేసుకుంటే రూపాయి కూడా తిరిగి రాదు. ఆస్పత్రి కబురు గంటకోలా మారుతున్నప్పుడు ఇది ఆలోచించాల్సిన మాటే. ఆన్‌లైన్లో తీసుకోవాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ముందే జోడించి ఉండాలి. నేను అంతకుముందే చేసి పెట్టుకున్నాను, మావారు ఇప్పటికీ చేసుకోలేదు.

శుక్రవారం చార్ట్ పడ్డాక తోడికోడలి ఫోనుకి బెర్తు నంబర్లు వచ్చాయి. శనివారం పొద్దున్న వాళ్ళు ఆస్పత్రికి చేరేసరికి మామయ్యగారిని వార్డులోకి మార్చారు. మనవణ్ణి చూసి ఎడమ చెయ్యి కొంచెం కదిపారు.