ఆ మూల లైటు ఎందుకు ఆరదు?

1995లో టైగర్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ‘లైట్స్ అవుట్’ అనే ఆటవస్తువును తెచ్చింది. అయిదు వరసలు, వరసకు అయిదు లైటు బటన్లు. ఏ బటన్ నొక్కినా అదీ, దానికి పైనా కిందా అటూ ఇటూ ఆనుకున్నవీ తారుమారవుతాయి. వెలిగేది ఆరుతుంది, ఆరినది వెలుగుతుంది. ఆట గెలవాలంటే అన్నీ ఆరాలి.

ఒకే బటన్ రెండుసార్లు నొక్కితే నొక్కనట్టే. ఏది ముందు, ఏది వెనక అన్న తేడా కూడా లేదు. అంటే ప్రతి బటన్ గురించీ తేల్చుకోవాల్సింది ఒక్కటే: నొక్కాలా, వద్దా? నొక్కితే 1, లేకపోతే 0. ఈ లెక్కలో 1+1=0. మిగతా కూడిక మామూలే.

ముందు నాలుగు గళ్ళతో చూద్దాం. పై వరస క, ఖ. కింది వరస గ, ఘ. క ఒక్కటే వెలుగుతోంది. దాన్ని మార్చగలిగేవి క, ఖ, గ బటన్లు. అది ఒక్కసారి మారాలి కాబట్టి వాటి మొత్తం 1. మిగతా గళ్ళు మారకూడదు కాబట్టి వాటికి 0.

```
క+ఖ+గ = 1
క+ఖ+ఘ = 0
క+గ+ఘ = 0
ఖ+గ+ఘ = 0
```

నాలుగూ కలపండి. ప్రతి అక్షరం మూడుసార్లు వస్తుంది. మూడు బేసి గనక ఒకటి మిగులుతుంది. క+ఖ+గ+ఘ = 1. దీన్ని మొదటి సమీకరణంతో పోలిస్తే ఘ = 0. అలాగే మిగతా మూడూ 1. క, ఖ, గ నొక్కితే చాలు.

అయిదు వరసల పలకకు ఇలాంటి సమీకరణాలు 25. వాటిలో రెండు మిగిలినవాటి నుంచే పుట్టుకొస్తాయి, కొత్తగా ఏమీ చెప్పవు. అందుకే కొన్ని అమరికలకు అసలు జవాబే ఉండదు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది అది కనిపెట్టే పద్ధతి. ఈ పటం చూడండి:

```
10101
10101
00000
10101
10101
```

ఏ బటన్ నొక్కినా, 1 ఉన్న గళ్ళలో మారేవి ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి. మూల బటన్ నొక్కితే రెండు, దాని పక్కది నొక్కితే రెండు, నట్టనడిమిది నొక్కినా రెండే. కావాలంటే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు గళ్ళలో పరిచి, తిప్పి చూసుకోండి. కాబట్టి ఆ గళ్ళలో వెలిగే లైట్లు మొదట బేసి అయితే ఎన్ని నొక్కినా బేసిగానే ఉంటాయి. అన్నీ ఆరడమంటే సున్నా, అది సరి. మూల లైటు ఒక్కటే వెలిగే అమరికను రాత్రంతా కూర్చున్నా ఆర్పలేనిది ఇందుకే.

ఈ పటాన్ని పక్కకు తిప్పితే రెండో పరీక్ష. రెండిటా సరి వస్తే జవాబు తప్పక ఉంటుంది. అలాంటివి మొత్తం అమరికల్లో నాలుగో వంతే. మూలది ఆర్పి నడిమి లైటు ఒక్కటే వెలిగించండి. రెండు పటాల్లోనూ ఆ గడిలో 0 ఉంది, కాబట్టి అది ఆరుతుంది. అదీ నాలుగు రకాలుగా: ఈ పటంలో 1 ఉన్న బటన్లన్నీ నొక్కినా పలక మీద ఏ లైటూ మారదు, కనుక ఏ జవాబుకైనా ఈ పటాన్నో, తిప్పిన పటాన్నో, రెండిటినో కలుపుకోవచ్చు.