టిక్కు ఎప్పుడు పెట్టాలి?

1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే యువకుడు, తాను పెళ్లి చేసుకోబోయే అమ్మాయితో కలిసి షాపింగుకి వెళ్లాడు. తిరిగి అలసిపోయి ఇద్దరూ ఒక కాఫీ హోటల్ బయట కూర్చున్నారు. అతను పనిచేసే గణిత కేంద్రంలో అర్మాక్ అనే కొత్త కంప్యూటర్ సిద్ధమైంది. అది ఏం చేయగలదో మామూలు జనానికి చూపించాలంటే, వాళ్లకు అర్థమయ్యే ప్రశ్న ఒకటి కావాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అతి దగ్గరి దారి ఏది? ఈ ప్రశ్న ఎవరికైనా అర్థమవుతుంది. కాగితం, పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో పద్ధతి తట్టిందని ఆయనే తర్వాత చెప్పాడు. 1959లో అచ్చయిన ఆ పద్ధతినే ఇవాళ మన ఇంజనీరింగ్ పిల్లలు ల్యాబుల్లో రాస్తున్నారు. వాళ్లలో చాలామంది ఒకే చోట తప్పటడుగు వేస్తారు.

ఆ చోటు తెలియాలంటే ఒక చిన్న ఊరు చాలు. ఇల్లు, చెరువుగట్టు, సంత, బస్టాండు, ఆసుపత్రి: ఈ ఐదు చోట్లకు 0 నుంచి 4 దాకా నంబర్లు ఇద్దాం. ఇంటి నుంచి గట్టుకి నడక 4 నిమిషాలు, సంతకు నేరుగా వెళ్తే 10. గట్టు నుంచి సంతకు 3, బస్టాండుకు 9. సంత నుంచి బస్టాండుకు 2, ఆసుపత్రికి 8. బస్టాండు నుంచి ఆసుపత్రికి 5. కంప్యూటరుకి బొమ్మ గీసి చూపించలేం కాబట్టి గళ్ల పట్టికలో రాసిస్తాం. దీన్నే అడ్జసెన్సీ మ్యాట్రిక్స్ అంటారు.

```
     0   1   2   3   4
0    0   4  10   0   0
1    4   0   3   9   0
2   10   3   0   2   8
3    0   9   2   0   5
4    0   0   8   5   0
```

అడ్డువరుస 1, నిలువువరుస 3 కలిసే గడిలో 9 ఉంది. అంటే గట్టు నుంచి బస్టాండుకు 9 నిమిషాలు. ఇక్కడ సున్నా అంటే "నేరుగా దారి లేదు" అని మనం పెట్టుకున్న గుర్తు. "సున్నా నిమిషాల దారి" అని కంప్యూటరు చదివిందంటే, ఇంటి నుంచి ఆసుపత్రికి ఒక్క క్షణమైనా పట్టదని చెబుతుంది. అందుకే గడిలో సున్నా కన్నా ఎక్కువ ఉంటేనే దాన్ని దారిగా లెక్కించమని ముందే చెప్పాలి.

ఈ పట్టిక పక్కన రెండు చిన్న వరుసలు ఉంచుకోవాలి. ఒక్కో చోటికి ఇప్పటిదాకా తెలిసిన తక్కువ సమయం `dist`లో ఉంటుంది. మొదట ఇంటికి 0, మిగతా అన్నిటికీ అనంతం. రెండోది `visited`, అంటే టిక్కుల వరుస. టిక్కు పడిందంటే ఆ చోటి లెక్క తేలిపోయినట్టే, మళ్లీ ముట్టుకోం.

ఇక నడుద్దాం. టిక్కు లేనివాటిలో అతి చిన్న అంకె ఇంటిది కాబట్టి దానికి టిక్కు పెట్టి, దాని అడ్డువరుస చదువుతాం. గట్టుకి 4, సంతకు 10 అని రాసుకుంటాం. ఇప్పుడు అతి చిన్నది గట్టు. దానికి టిక్కు. గట్టు మీదుగా సంతకు 4+3, అంటే 7. పాత 10 కొట్టేసి 7 వేస్తాం. బస్టాండుకు 13. తర్వాత 7తో సంత వంతు. సంత మీదుగా బస్టాండు 9 అవుతుంది, 13 పోతుంది. ఆసుపత్రికి 15. ఆపైన 9తో బస్టాండుకు టిక్కు పెడితే, అక్కడి నుంచి ఆసుపత్రి 14 అవుతుంది. చివరి టిక్కు ఆసుపత్రికి. చూడబోతే ఇల్లు, సంత, ఆసుపత్రి అనే రెండు మలుపుల దారే దగ్గరనిపిస్తుంది, కానీ అది 18 నిమిషాలు. అన్ని చోట్లా తిరుగుతూ పోయే దారి 14.

```c
for (k = 0; k < n; k++) {
    u = -1;
    for (v = 0; v < n; v++)
        if (!visited[v] &&
            (u == -1 || dist[v] < dist[u]))
            u = v;
    if (dist[u] == INF) break;
    visited[u] = 1;
    for (v = 0; v < n; v++)
        if (g[u][v] > 0 && !visited[v] &&
            dist[u] + g[u][v] < dist[v])
            dist[v] = dist[u] + g[u][v];
}
```

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది `visited[u] = 1` ఉన్న చోటు. సంతను మనం మొదటి అడుగులోనే చూశాం, 10 అని రాసుకున్నాం కూడా. కానీ టిక్కు పెట్టలేదు. చూడటం వేరు, తేల్చడం వేరు. దారుల బరువులు లెక్కలోకి రాని తేలిక పద్ధతి నేర్చుకుని వచ్చిన పిల్లలు, అక్కడి అలవాటుతో, కంటపడగానే టిక్కు పెట్టేస్తారు. అలా చేస్తే సంత 10 దగ్గరే బిగుసుకుపోతుంది, బస్టాండు 13 దగ్గర, ఆసుపత్రి 18 దగ్గర. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, ఎర్ర గీత రాదు. తప్పు జవాబు నిబ్బరంగా అచ్చవుతుంది. నా విద్యార్థుల్లో ఎందరో ఈ 18ని పట్టుకుని గంటలు గంటలు వెతకడం చూశాను.

మరి అతి చిన్నదానికి టిక్కు పెట్టేయడం ఎందుకు సరైనది? గట్టుకి 4 అని తేల్చేముందు, ఇంకో చుట్టుదారిలో 3కే చేరే అవకాశం లేదా? అలాంటి దారి ఉంటే అది టిక్కు పడని ఇంకో చోటి మీదుగా రావాలి. ఆ చోటి అంకె ఇప్పటికే 4 లేదా అంతకన్నా ఎక్కువ. దానికి ఇంకో దారి కలిస్తే పెరుగుతుందే తప్ప తగ్గదు.

"తగ్గదు" అన్న ఆ మాట మీదే పద్ధతంతా నిలబడింది. తిరుమల ఘాట్‌రోడ్డునే తీసుకోండి. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి పట్టికలో రెండు గళ్లకు రెండు అంకెలు వేస్తే సరిపోతుంది, ఇబ్బంది లేదు. కానీ నిమిషాలకు బదులు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ ఖర్చు రాస్తున్నామనుకోండి. దిగేటప్పుడు బ్యాటరీలోకి కొంత ఛార్జి తిరిగి చేరుతుంది, ఖర్చు సున్నా కిందికి పోతుంది. ఒక చోటికి నేరుగా 4 ఖర్చు, ఇంకో చోటి మీదుగా 10 ఖర్చై 7 తిరిగి వస్తే నికరంగా 3. కానీ 4 దగ్గరే టిక్కు పడిపోయింది. పై కోడైతే ఆ ఋణ అంకెను అసలు దారిగానే లెక్కించదు. అలాంటి చోట బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతి వాడాలి. అందులో శాశ్వతమైన టిక్కు ఉండదు.

కోడులో `INF` చూసి ఆగే వాక్యాన్ని కూడా తీసేయకండి. చేరలేని చోటు మిగిలితే, అనంతం బదులు పెట్టిన అతి పెద్ద అంకెకు ఇంకొంత కలిసి, చాలాసార్లు ఋణసంఖ్యగా తిరగబడుతుంది. బరువులన్నీ ధనసంఖ్యలై జవాబులో మైనస్ కనబడితే ముందు అక్కడే చూడండి.

పట్టికకూ ఒక హద్దుంది. డైక్‌స్ట్రా తన ప్రదర్శనకు 64 డచ్చి ఊళ్లు తీసుకున్నాడు. మన పద్ధతిలో పట్టిక వేస్తే 4,096 గళ్లు. లక్ష కూడళ్ల నగరానికైతే వెయ్యి కోట్ల గళ్లు కావాలి, గడికి నాలుగు బైట్ల చొప్పున 40 గిగాబైట్లు. కూడలికి మూడో నాలుగో దారులే ఉంటాయి కాబట్టి ఆ గళ్లన్నీ దాదాపు ఖాళీయే. అక్కడ ఇరుగుపొరుగు జాబితాలు వాడతారు. ఊళ్లు కొన్ని వందలై, వాటి మధ్య దారులు దట్టంగా ఉంటే మాత్రం ఈ పట్టిక చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, ఇంటి నుంచి సంతకు నేరుగా ఉన్న 10ని 6 చేసి, మొదటి నుంచి లెక్క కట్టండి. పట్టికలో రెండు గళ్లూ మార్చడం మరవకండి. ఆసుపత్రికి 14 వస్తే టిక్కు తొందరపడి పెట్టారు. 13 వస్తే సరిగ్గా పెట్టారు.