గొలుసు కోరిన దూరం

భావనపాడు నుంచి నౌపడ వైపు వెళ్తుంటే దారి పక్కన ఉప్పుమడులు కనిపిస్తాయి. ఎండాకాలంలో ఉప్పు తీసి గట్ల మీద కుప్పలు పోస్తారు. అక్కడి నుంచి లారీలోకి చేర్చాలంటే గంపతో నెత్తిన మోయాల్సిందే. ఆ మోత కొంత తగ్గించాలని మా బావ ఒక చిన్న కన్వేయర్ చేయించాడు. దాని డ్రాయింగు నేనే కంప్యూటర్‌లో వేశాను. మోటారు గేర్‌బాక్సు షాఫ్ట్ మీద 17 పళ్ళ స్ప్రాకెట్, కన్వేయర్ డ్రమ్ము షాఫ్ట్ మీద 45 పళ్ళ స్ప్రాకెట్, రెండింటి మధ్యా గొలుసు. రెండు షాఫ్ట్‌ల నడుమ 400 మిల్లీమీటర్లు పెట్టాను. లెక్కకు సులువుగా, చూడటానికి గుండ్రంగా ఉన్న అంకె అది. ప్లేటుకు ఆ కొలతతోనే రంధ్రాలు కోయించాం.

బిగించే రోజు ఫిట్టరు గొలుసు పట్టుకుని అటూ ఇటూ లాగి నా వైపు చూశాడు. "ఏటి బాబూ ఇది? ఇలాగైతే అందట్నేదు, ఇంకో రెండు లింకులు కలిపితే ఏలాడిపోతంది" అన్నాడు. 94 లింకులతో గొలుసు కలవలేదు. 96 వేస్తే కింది వరుస రెండు అంగుళాలు జారిపోయింది. తప్పు గొలుసుది కాదు, ఫిట్టరుదీ కాదు. గొలుసును అడక్కుండా దూరం నేనే నిర్ణయించేశాను.

ఈ గొలుసు కథ మాంచెస్టర్‌లో మొదలైంది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1879లో ఒక చిన్న గొలుసుల వ్యాపారం కొన్నాడు. మరుసటి ఏడాదే, 1880లో, బుష్ రోలర్ గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు గొలుసుల్లో పలుచని పలకలే నేరుగా సన్నటి పిన్ను మీద తిరిగేవి. అంత చిన్న చోట ఒత్తిడంతా పడటంతో త్వరగా అరిగిపోయేవి. రెనాల్డ్ పిన్ను మీద ఒక గొట్టం, దాన్నే బుష్ అంటారు, దాని మీద తిరిగే రోలర్ పెట్టాడు. ఒరుసుకునే చోటు గొట్టం పొడవంతా పరుచుకుంది, పళ్ళ మీద రాపిడి దొర్లుడుగా మారింది. సైకిళ్ళు ప్రపంచమంతా వ్యాపించడానికి దారి వేసిన గొలుసు ఇదే.

రోలర్ మధ్య నుంచి పక్క రోలర్ మధ్యకు ఉండే దూరాన్ని పిచ్ అంటారు. సైకిల్ గొలుసు పిచ్ అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. మోటారు సైకిళ్ళకు వేసే 428 గొలుసుదీ అంతే. కన్వేయర్‌కు మేం వేసిన 08B గొలుసుదీ అంతే. వెడల్పులు, బలాలు వేరు. భావనపాడు రేవుకు చేపల బుట్ట కట్టుకుని వచ్చే సైకిల్ గొలుసులోనూ ఇదే అర అంగుళం ఉంది.

సైకిల్‌కు ఏ లెక్కా ఎందుకు అక్కర్లేదో కూడా చూడాలి. వెనక చక్రం ఇరుసు దూరే చోట రంధ్రం కాకుండా పొడవాటి గాడి ఉంటుంది. మేస్త్రీ నట్టు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, గొలుసును బొటనవేలితో నొక్కి చూసి బిగించేస్తాడు. కేంద్ర దూరం అక్కడ చేతి అంచనాతో కుదురుతుంది. మా ప్లేటులో గాడి లేదు, రంధ్రాలున్నాయి. రంధ్రం ఒకసారి కోస్తే లెక్క తప్పినా సర్దుకునే వీలుండదు.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. గొలుసులో లింకులు పూర్ణసంఖ్యలోనే ఉంటాయి. పైగా లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి చివరలు కలవాలంటే ఆ సంఖ్య సరిసంఖ్య కావాలి. బేసి కావాలంటే వంకర పలకలున్న ప్రత్యేక లింకు ఒకటి వేయాలి. అది మిగతా గొలుసు కన్నా బలహీనం, తప్పనిసరైతే తప్ప వాడకూడదు. కాబట్టి 400 మిల్లీమీటర్లకు ఎన్ని లింకులు పడతాయో ముందు చూడాలి. `p` పిచ్, `C` కేంద్ర దూరం, `z1`, `z2` పళ్ళ సంఖ్యలు, `L` లింకులు అనుకుంటే:

```
L = 2C/p + (z1+z2)/2 + ((z2-z1)/(2π))² · p/C
```

మొదటి భాగం రెండు తిన్నని వరుసలది, రెండోది చక్రాలకు చుట్టుకున్న గొలుసుది, మూడోది చక్రాల పరిమాణాల్లో తేడా వల్ల వరుసలు ఏటవాలుగా సాగడానికి చేసే చిన్న దిద్దుబాటు. మా అంకెలు వేస్తే 62.99, 31, 0.63. మొత్తం 94.62 లింకులు. ఫిట్టరు చేతికి తెలిసింది ఈ 0.62 గురించే. 96 వేస్తే గొలుసు పదిహేడున్నర మిల్లీమీటర్లు ఎక్కువవుతుంది. ఆ మిగులంతా కింది వరుసలో చేరి దాదాపు 51 మిల్లీమీటర్ల జారుడుగా కనిపిస్తుంది. మిగులు కొద్దిగా ఉన్నా జారుడు పెద్దగా కనిపించడం గొలుసు గుణం.

కాబట్టి లెక్కను తిప్పి చేయాలి. ముందు లింకుల సంఖ్యను ఎంచుకోవాలి, దూరాన్ని దాని నుంచి రాబట్టాలి. 94 లింకులకు 396.0 మిల్లీమీటర్లు, 96కు 408.8. మధ్యలో ఉన్న ఏ అంకే మామూలు గొలుసుకు నప్పదు. నా 400 సరిగ్గా ఆ మధ్యలోనే పడింది.

ఈ తిరగేసిన లెక్కను డ్రాయింగు లోపలే పెట్టేయవచ్చు. గీతలకు, వృత్తాలకు షరతులు పెట్టి, ఒకటి మారితే మిగతావన్నీ సర్దుకునేలా చేసే ఆలోచన ఇవాన్ సదర్లాండ్ 1963లో చూపిన స్కెచ్‌ప్యాడ్ నాటి నుంచీ ఉంది. నేను వాడేది ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్. అందులో స్ప్రెడ్‌షీట్ తెరిచి `pitch` గడిలో `12.7 mm`, `teeth_s` గడిలో 17, `teeth_b` గడిలో 45, `links` గడిలో 94 వేసి, ఒక్కో గడికి ఆ మారుపేరు పెట్టాను. తర్వాత మూడు గడులు:

```
aa      =links - (teeth_s + teeth_b) / 2
kk      =(teeth_b - teeth_s) / (2 * pi)
center  =pitch / 4 * (aa + sqrt(aa^2 - 8 * kk^2))
```

మారుపేర్లుగా `C`, `A`, `K` వంటి ఒంటి అక్షరాలు పెట్టబోతే ఫ్రీక్యాడ్ ఒప్పుకోదు, అవి దానికి కొలమానాల గుర్తులు. అందుకే రెండేసి అక్షరాలు. ఇక స్కెచ్‌లో రెండు కేంద్రాల మధ్య కొలతకు అంకె టైపు చేయకుండా `Spreadsheet.center` అని రాస్తే సరి. 94ను 96 చేస్తే డ్రమ్ము దానంతట అదే 12.8 మిల్లీమీటర్లు జరుగుతుంది.

వృత్తాల విషయంలోనూ నేను ఒకసారి పొరబడ్డాను. స్ప్రాకెట్‌కు గీయవలసింది పళ్ళ కొనల మీదుగా వెళ్ళే వృత్తం కాదు, రోలర్ల మధ్యబిందువుల మీదుగా వెళ్ళే వృత్తం. దాని వ్యాసం `p / sin(180°/z)`. 17 పళ్ళకు 69.12, 45 పళ్ళకు 182.06 మిల్లీమీటర్లు. ఈ రెండు వృత్తాలకు స్పర్శరేఖలు గీసి, చుట్టూ ఉన్న దారి పొడవు కంప్యూటర్ చేత కొలిపించి, అది 94 × 12.7 = 1193.8 అయ్యేదాకా దూరం మార్చడం చాలామంది చేసే పని. కానీ 396.0 దగ్గర ఆ దారి 1194.6 చూపిస్తుంది.

ఈ 0.8 ఎక్కడిదంటే, గొలుసు చక్రాన్ని వృత్తంలా చుట్టదు. ప్రతి లింకూ తిన్నని కర్ర ముక్క. 17 పళ్ళ చక్రం గొలుసుకు 17 భుజాల బహుభుజి. గీసిన వృత్తం చుట్టుకొలత 217.1 అయితే భుజాల మొత్తం 215.9 మాత్రమే. పళ్ళు తగ్గేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది: 9 పళ్ళ చక్రానికి రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. పై సూత్రం చుట్టుకున్న భాగాన్ని పళ్ళ లెక్కన కొలుస్తుంది కనుక ఈ చిక్కులో పడదు. దారి పొడవును నమ్మి గీస్తే కేంద్ర దూరం 0.4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మా యంత్రంలో అది కాస్త వదులుగా మిగులుతుందే తప్ప ప్రమాదం చేయదు. అయితే కంప్యూటర్ బొమ్మలో లింకులను ఒక్కొక్కటిగా పేర్చి చూస్తే చివరి రోలర్ పళ్ళ సందులో కూర్చోదు. అప్పుడు అసలు కారణం తెలియక స్ప్రాకెట్‌ను తిప్పుతూ గంటలు పోగొట్టుకుంటాం. నేను పోగొట్టుకున్నాను.

బెల్టుకు ఈ బహుభుజి బాధ లేదు. అది నిజంగానే వృత్తంగా చుట్టుకుంటుంది, స్పర్శరేఖల దారి కొలత దానికి సరిపోతుంది. దాని చిక్కు వేరు. బెల్టులు దుకాణంలో దొరికే పొడవుల్లోనే వస్తాయి. వి-బెల్టు మీద రాసి ఉండే పొడవు చాలాసార్లు లోపలి అంచుది, లెక్క వేయవలసింది బెల్టు మందంలో ఉండే పిచ్ రేఖ పొడవు. అక్కడా ముందు బెల్టు, తర్వాతే దూరం.

లెక్క ఇచ్చిన 396.0 గొలుసు పూర్తిగా బిగుసుకుని ఉండే దూరం. అలా నడపకూడదు. బేరింగులు వేడెక్కుతాయి, గొలుసు సన్నగా ఈలలా మోగుతుంది. వదులుగా ఉండే వరుసను కిందికి పెట్టి, దాని పొడవులో రెండు శాతం, మాకైతే ఎనిమిది మిల్లీమీటర్లు, జారేలా ఉంచాలి. అందుకు షాఫ్ట్‌ను దగ్గరికి తేవలసింది మిల్లీమీటరులో నాలుగో వంతు కన్నా తక్కువ! రంధ్రాలు కోసే యంత్రం అంత నిక్కచ్చిగా కోసినా, బిగింపులో అది నిలవదు. నిలిచినా మొదటి నెలలోనే గొలుసు ఆ కొలత దాటిపోతుంది.

గొలుసు సాగిందని అంటాం గానీ పలకలు సాగవు. పిన్నూ బుష్షూ అరిగి ప్రతి కీలులో కొంత సందు పడుతుంది, 94 కీళ్ళ సందులు కలిసి పొడవవుతాయి. భావనపాడు ఉప్పుగాలిలో, ఉప్పు పొడి మధ్య ఈ అరుగుదల మరీ త్వరగా జరుగుతుంది. పొడవు మూడు శాతం పెరిగితే గొలుసు మార్చేయాలి. అంటే మా గొలుసు దాదాపు 36 మిల్లీమీటర్లు పెరిగేదాకా పని చేయాలి, షాఫ్ట్ సుమారు 18 మిల్లీమీటర్లు వెనక్కి జరగగలగాలి. మధ్యలో రెండు లింకులు తీసేస్తే 12.8 కలిసొస్తుంది.

అందుకని రెండో ప్లేటులో మోటారు కాళ్ళకు రంధ్రాలు మానేసి గాడులు కోయించాం. గాడి ఒక కొస 394 దగ్గర, రెండో కొస 415 దగ్గర. పక్కనే తోసే బోల్టు ఒకటి. 17, 45 రెండూ బేసి సంఖ్యలు, గొలుసు 94 లింకులది. వీటికి ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి ఏ రోలరూ ప్రతి చుట్టులో అదే పంటి మీద పడదు, అరుగుదల అన్ని పళ్ళకూ పంచుకుంటుంది.

ఫిట్టరు ఈసారి గొలుసు చుట్టి, లాకు లింకు వేసి, కింది వరుసను బొటనవేలితో నొక్కాడు. తోసే బోల్టును అర చుట్టు తిప్పి మళ్ళీ నొక్కాడు. స్కేలు పెట్టి చూస్తే జారుడు తొమ్మిది మిల్లీమీటర్లు ఉంది.