చదువు అప్పుతో తొలి ఉద్యోగం

బీటెక్ కోసం బ్యాంకులో పది లక్షలు తీసుకున్న కుర్రాడు ఆఫర్ లెటర్ చేతికి రాగానే తన బాకీ పది లక్షలే అనుకుంటాడు. ఏటా రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్లు ఇచ్చారనీ, వడ్డీ 10 శాతమనీ అనుకుందాం. చదువు సాగినన్నాళ్లూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం మొదటి ఫీజు కట్టిన రోజు నుంచే నడుస్తుంది. బారువడ్డీ లెక్కన చూసినా ఐదేళ్లకు మూడున్నర లక్షలు. అది అసలులో కలిస్తే, వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 13.5 లక్షలు.

దీన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 17,840 రూపాయలు కట్టాలి. పదిహేనేళ్లయితే 14,500. తొలి ఉద్యోగాన్ని ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు ఆ కుర్రాడి ముందు రెండు ఆఫర్లున్నాయి. ఒకటి సొంత ఊరు హైదరాబాద్‌లోనే, ఏడాదికి నాలుగు లక్షలు. రెండోది బెంగళూరులో ఆరు లక్షలు. ఇంట్లో అందరూ ఆరు వైపే మొగ్గుతారు. కానీ ఆ ఆరులో ఒక లక్ష పనితీరును బట్టి వచ్చేది, ఒక యాభై వేలు ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్. కంపెనీ తన వంతుగా వేసే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా అందులోనివే. అన్నీ తీసేస్తే నెలనెలా చేతికొచ్చేది 32 వేల పైచిలుకు. పీజీ హాస్టలుకూ తిండికీ 13 వేలు పోతే మిగిలేది 19 వేలు. హైదరాబాద్ జీతం మొత్తం స్థిరమైనదే అయితే 29 వేలకు కాస్త అటూ ఇటూగా అందుతుంది. ఇంట్లో ఉంటూ ఖర్చులకు 9 వేలు వాడుకున్నా 20 వేలు మిగులుతుంది. ఏడాదికి రెండు లక్షలుగా కనిపించిన తేడా నెలాఖరుకు మాయమైంది.

అలాగని హైదరాబాదే మేలని కాదు. బెంగళూరు కంపెనీలో మూడేళ్లు చేస్తే జీతం రెట్టింపయ్యే పని నేర్చుకునే వీలుంటే, నా మటుకు నేను అక్కడికే వెళ్లమంటాను. అయితే పదేళ్ల గడువు పెట్టుకుంటే 17,840 పోగా చేతిలో మిగిలేది వెయ్యి రూపాయల పైచిలుకే. ఒక నెల జీతం ఆలస్యమైతే వాయిదా తప్పుతుంది. అది కుర్రాడి సిబిల్ స్కోరుతో పాటు సహరుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్న స్కోరునూ దెబ్బతీస్తుంది.

అందుకే గడువు పదిహేనేళ్లు పెట్టుకోమంటాను. అప్పు అన్నాళ్లు మోయడానికి కాదు, మొదటి మూడేళ్లు ఊపిరాడటానికి. మూడేళ్లు 14,500 కట్టి, జీతం పెరిగాక నెలకు 25 వేలు కడితే, ఎనిమిదేళ్ల మూడు నెలలకు అప్పు తీరిపోతుంది. కట్టిన మొత్తం 20.85 లక్షలు. మొదటి నుంచీ 17,840 చొప్పున పదేళ్లు కట్టినా 21.4 లక్షలవుతుంది. అదే పదిహేనేళ్లూ 14,500 దగ్గరే ఉండిపోతే మాత్రం 26 లక్షలు దాటుతుంది. నాలుగో ఏట వాయిదా పెంచకపోతే ఈ పద్ధతి నష్టమే. జీతం పెరగగానే ముందు కారు కొనేవాళ్లు పదేళ్ల గడువే ఎంచుకోవడం మంచిది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అదనంగా కట్టినప్పుడు కొన్ని బ్యాంకులు గడువును అలాగే ఉంచి వాయిదా తగ్గిస్తాయి. వాయిదా కదపకుండా గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. మారే వడ్డీ రుణానికి ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. అంతకన్నా ముందు, ఉద్యోగం రాగానే, గడువు ఏడాది ముగిసేదాకా ఆగకుండా నెలకు ఎనిమిది వేల చిల్లర కట్టడం మొదలుపెడితే ఆ ఏటి వడ్డీ లక్ష రూపాయలు అసలులో కలవదు.

ఆఫర్‌లో బాండు ఉంటే అదీ బాకీ కిందే లెక్క. రెండేళ్లలోపు మానేస్తే లక్షన్నర కట్టమనే కంపెనీలో చేరితే, మంచి అవకాశం వచ్చినా కదలడం కష్టం. అప్పున్నవాడికి తన జీతం పెంచుకునే పెద్ద దారి కంపెనీ మారడమే. బాండు దాన్నే మూసేస్తుంది.

చదువు అప్పు వడ్డీపై పన్ను మినహాయింపు ఉందనీ, తొందరపడి తీర్చొద్దనీ సలహా ఇచ్చేవాళ్లుంటారు. 80ఈ సెక్షన్ కింద ఆ మినహాయింపు వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లే, అదీ పాత పన్ను విధానంలోనే. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్నే లేదు కనుక, తొలి ఏళ్లలో ఈ కుర్రాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎనిమిదో ఏట ఇల్లు కొనాలనుకుంటే, బ్యాంకు అతని జీతంలోంచి ఈ వాయిదాను తీసేసి మిగతాదానికే గృహరుణం లెక్కగడుతుంది. చదువు అప్పు కోసం నాన్న ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే, బాకీ తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.