మట్టి ఇటుకకు తడి పరీక్ష

మట్టి ఇల్లు బరువు మోస్తుందా అని చాలామంది అడుగుతారు. తడిసినప్పుడు ఎంత మోస్తుందన్నదే అసలు లెక్క.

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రచారంలోకి తెచ్చిన చేతి యంత్రంతో 23×19×10 సెంటీమీటర్ల ఇటుక నొక్కవచ్చు. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టిలో 7 శాతం సిమెంటు కలిపి నొక్కి, 28 రోజులు తడుపుతారు. ఒక్కోటి దాదాపు 8 కిలోలు ఉంటుంది. 10 చదరపు మీటర్ల గోడకు సుమారు 370 ఇటుకలు, వాటిలో దాదాపు 4 బస్తాల సిమెంటు పడతాయి. నల్లరేగడికి ఈ పాళ్లు పనికిరావు. అది తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది.

ఇప్పుడు 3 మీటర్ల ఎత్తు, 19 సెంటీమీటర్ల మందం ఉన్న గోడను తీసుకుందాం. దాని సొంత బరువు, పైన కాంక్రీటు స్లాబు బరువు కలిపి అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు 1.5 కిలోలు పడుతుంది. పొడి ఇటుక 50 కిలోలకు నలుగుతుందనుకుంటే, నానాక సగం, అంటే 25 కిలోలకే నలుగుతుంది. అతుకుల వల్ల గోడ బలం ఇటుక బలంలో మూడో వంతేనని, అందులోనూ నాలుగో వంతే నమ్మదగిందని లెక్కేస్తే, పొడిగా 4 కిలోలు, తడిగా 2 కిలోలు మిగులుతాయి. ఒక అంతస్తుకు 2 చాలు. రెండో అంతస్తు వేస్తే బరువు 3 కిలోలవుతుంది. పొడిగా ఉన్నంతకాలం గోడ ఆగుతుంది, అడుగు నానితే ప్రమాదం. అందుకే ఇటుకలు కొనేముందు ఒకదాన్ని రెండు రోజులు నీళ్లలో నానబెట్టండి. వేలితో రాసినప్పుడు అంచు రాలితే ఆ ఇటుకలు వద్దు.

అతుకులకు గట్టి సిమెంటు మాలు వాడితే గోడ కదిలినప్పుడు ఇటుకే పగులుతుంది. సున్నం మాలు మెత్తన కాబట్టి పగులు అతుకులోనే ఆగుతుంది. పాత మేడలు కట్టిన డంగు సున్నానికి ఉన్న గుణం ఇదే. కానీ అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. నెల తర్వాత కూడా దాని బలం తక్కువే. బరువు మోసే గోడకు ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ల ఇసుక మేలు.

గోడను తడవకుండా కాపాడేది చూరు. దాన్ని 60 సెంటీమీటర్లకు పైగా ముందుకు చాచడానికి తేలికైన వెదురు సరిపోతుంది. నార వెంట లాగితే వెదురు చదరపు సెంటీమీటరుకు 1,000 కిలోలకు పైగా తట్టుకుంటుంది. నారకు అడ్డంగా మాత్రం సులువుగా చీలుతుంది. బోల్టు వేసేచోట గణుపు దగ్గరగా ఉండాలి, బోలును మాలుతో నింపాలి. శుద్ధి చేయని వెదురు నేలను తాకితే 1 నుంచి 3 ఏళ్లకే పాడవుతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం ద్రావణంలో నానబెడితే పురుగు పట్టదు, కానీ ఆ మందు వానకు కడుక్కుపోతుంది. అందుకే వెదురు కూడా కప్పు కిందే ఉండాలి.

రాతి పునాదిని నేల మీద 45 సెంటీమీటర్ల వరకు లేపి, చూరును బయటికి చాపగలిగితే మట్టి ఇల్లు ఒక అంతస్తుకు నిస్సందేహంగా సరిపోతుంది. వరద నీరు నిలిచే చోట దిగువ గోడలకు కాల్చిన ఇటుకో రాయో వాడండి.