గండికోట ఆకాశంలో మచ్చలు

గండికోట లోయను f/16 దగ్గర తీసిన ఫొటోలో రాళ్లన్నీ స్పష్టంగా వస్తాయి. కానీ నీలాకాశంలో బూడిదరంగు చుక్కలు కూడా తేలతాయి. అవి సెన్సర్‌ ముందున్న గాజుపొర మీది ధూళి నీడలు. f/2.8 దగ్గర కాంతి వెడల్పుగా వచ్చి ఆ నీడను చెదరగొడుతుంది. రంధ్రం చిన్నదైతే నీడ గట్టిపడుతుంది. వరుసగా తీసిన ఫొటోల్లో చుక్క ఒకే చోట ఉంటే ధూళే. పక్షి అయితే కదులుతుంది.

ఫొటోషాప్‌లో ముందు ఒక ఖాళీ లేయర్ తెరిచి, Spot Healing Brush తీసుకుని, Sample All Layers టిక్ పెట్టాలి. అసలు ఫొటో చెక్కుచెదరదు. 100 శాతం జూమ్‌లో, చుక్క కంటే కాస్త పెద్ద బ్రష్‌తో ఒక్కసారి నొక్కితే చాలు. పొడవుగా రుద్దితే ఆకాశపు రంగు మెట్టుమెట్టుగా విరిగి, మచ్చ కంటే మరక పెద్దదవుతుంది.

చిక్కంతా కొండ అంచు దగ్గరే. ఎండ లెన్స్‌లో పడి ఏర్పడిన తెల్లటి మరక అక్కడుంటే, బ్రష్ రాతి ఎరుపును ఆకాశంలోకి లాగేస్తుంది. అలాంటప్పుడు ఆకాశాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి, Clone Stamp తో పక్కనున్న నీలాన్ని తెచ్చి నింపడమే మేలు.

పని అయ్యాక పైన ఒక Curves లేయర్ వేసి కాంట్రాస్ట్ బాగా పెంచాలి. కంటికి తప్పిపోయిన చుక్కలూ, రుద్దిన జాడలూ అప్పుడు బయటపడతాయి. వాటి చోటు గుర్తుపెట్టుకుని, ఆ లేయర్‌ను దాచి సరిచేశాక దాన్ని తీసేయవచ్చు.