డబ్బు కట్టాక రెండు కబుర్లు

ఆన్‌లైన్‌లో చీర కొని, యూపీఐలో 1,850 రూపాయలు కట్టారనుకోండి. ఆ కబురు దుకాణం సర్వర్‌కి రెండు దారుల్లో వెళ్తుంది. పేమెంట్ గేట్‌వే మీ బ్రౌజర్‌ని తిరిగి దుకాణం పేజీకి పంపడం ఒక దారి. అది రీడైరెక్ట్. గేట్‌వే సర్వర్ నేరుగా దుకాణం సర్వర్‌కి చెప్పడం రెండోది. దీన్ని వెబ్‌హుక్ అంటారు. ఏది ముందు చేరుతుందో చెప్పలేం. మధ్యలో బ్రౌజర్ మూసేస్తే మొదటిది రానే రాదు. రెండోది ఆలస్యం కావచ్చు, ఒక్కోసారి అదే కబురు మళ్లీ రావచ్చు.

అసలు చిక్కు రెండూ ఒకేసారి వచ్చినప్పుడే. ఆర్డర్ నంబరు 4127, స్టాకులో ఆ చీరలు 5. రీడైరెక్ట్ కోడ్ డేటాబేస్‌లో చూస్తే స్థితి `pending` అని ఉంది. అది ఇంకా రాయకముందే వెబ్‌హుక్ కోడ్ కూడా చూసింది, దానికీ `pending` అనే కనిపించింది. రెండూ `paid` అని రాశాయి, రెండూ స్టాకు తగ్గించాయి, రెండూ ఎస్ఎంఎస్ పంపాయి. అమ్మింది ఒక్క చీర, లెక్కలో మిగిలినవి 3. డెవలపర్ పరీక్షించినప్పుడు ఇది బయటపడకపోవచ్చు, ఎందుకంటే ఆ రెండూ మిల్లీసెకన్ల తేడాలో తగిలితేనే కనిపిస్తుంది. ఒకే ఆర్డర్‌కి రెండు ఎస్ఎంఎస్‌లు వెళ్లాయని కొన్నవాళ్లు అడిగితే వెతకాల్సింది ఇక్కడే.

చూడటం, రాయడం అని రెండు పనులుగా విడదీయడమే ఇక్కడి తప్పు. రెండింటినీ ఒక్క వాక్యంలో డేటాబేస్‌కే అప్పగించాలి:

```sql
UPDATE orders SET status = 'paid'
WHERE id = 4127 AND status = 'pending';
```

రెండు దారులూ ఈ వాక్యాన్నే నడపాలి. ముందొచ్చినది ఆ వరుసకి తాళం వేస్తుంది. రెండోది తాళం తీసేదాకా ఆగి, స్థితి ఇంకా `pending`గా లేదని గమనించి ఏమీ మార్చదు. ఎన్ని వరుసలు మారాయో డేటాబేస్ చెబుతుంది: 1 వస్తే స్టాకు తగ్గించాలి, 0 వస్తే ఊరుకోవాలి. స్టాకు తగ్గించడమూ, పంపాల్సిన ఎస్ఎంఎస్‌ని ఒక పట్టికలో రాసిపెట్టడమూ అదే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. లేదంటే మధ్యలో సర్వర్ ఆగిపోతే డబ్బు వచ్చినట్టు ఉంటుంది, స్టాకు మాత్రం తగ్గదు.

దీనికి ముందు, వచ్చిన కబురు నిజంగా గేట్‌వేదేనా అని డిజిటల్ సంతకం సరిచూడాలి. రీడైరెక్ట్ కొనేవాళ్ల ఫోన్ మీదుగా వస్తుంది కాబట్టి దాన్ని ఎవరైనా మార్చి పంపగలరు.

ఇక విఫలమైన చెల్లింపు. మొదటిసారి పిన్ తప్పు కొట్టి, రెండోసారి సరిగ్గా కట్టారు. మొదటి ప్రయత్నం తాలూకు ‘విఫలం’ కబురు, రెండోదాని ‘విజయం’ తర్వాత చేరవచ్చు. ఆలస్యంగా వచ్చిన ఆ కబురుతో `paid`ని చెరిపేస్తే డబ్బు కట్టిన మనిషికి అన్యాయం చేసినట్టే. అందుకే విఫలమైంది ఆ ఒక్క ప్రయత్నమే, ఆర్డర్ కాదు అని నా గట్టి అభిప్రాయం. ప్రయత్నాలకు వేరే పట్టిక పెట్టి అక్కడ రాసుకుంటే ఆర్డర్ `pending`గానే ఉంటుంది.

రెండు కబుర్లూ రాని ఆర్డర్లు కూడా ఉంటాయి. పావుగంట దాటినా `pending`లో ఉన్నవాటి సంగతి ఒక ప్రోగ్రామ్ గేట్‌వేని అడిగి, డబ్బు చేరితే పై వాక్యాన్నే నడుపుతుంది. ఈలోగా గడువు దాటిందని ఆర్డర్ రద్దయి, చీర ఇంకొకరికి అమ్ముడైతే? స్థితి `cancelled` కాబట్టి మళ్లీ 0 వస్తుంది. అప్పుడు ఊరుకోకుండా స్థితి చదివి, `cancelled` అని ఉంటే ఆ 1,850 రూపాయలు వెనక్కి పంపే పని మొదలుపెట్టాలి.